రాబందు మీద ఐదు పేరాలు



ఈసారి వార్షికోత్సవానికి బందరు, గుడివాడ, దివిసీమ వైపు హాస్టళ్ళ పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాం. విషయం: రాబందులు ఎందుకు కావాలి, అవి ఎందుకు తగ్గిపోయాయి. నియమం ఒక్కటే, బడిలో నేర్పినట్టు ఐదు పేరాల్లో రాయాలి. మొదటి పేరాలో పరిచయం, చివరి పేరాలో ముగింపు, నడుమ మూడు పేరాల్లో అసలు సంగతి. కాగితాలన్నీ చేతికొచ్చాక మేము మూడు సాయంత్రాలు కూర్చుని చదివాం. పిల్లలు కష్టపడి రాశారు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ నాలుగో పేరా దగ్గరికొచ్చేసరికి చాలామంది ఒకే చోట జారారు. 'సెల్‌ టవర్ల రేడియేషన్‌ వల్ల రాబందులు చనిపోయాయి' అని కొందరు, 'వేటగాళ్ళు చంపేశారు' అని కొందరు, 'తిండి దొరక్క' అని ఇంకొందరు రాశారు. తప్పు పిల్లలది కాదు. వాళ్ళు అడిగింది మనల్నే, మనం చెప్పింది అదే. అందుకని ఈరోజు ఉపన్యాసం బదులు, ఆ ఐదు పేరాలనూ మీతో కలిసి మళ్ళీ ఒకసారి రాద్దామనుకున్నాం.

మొదటి పేరా పరిచయం. ఇక్కడే ఒక చిక్కు ఉంది. బందరు రేవు దగ్గర, నాగాయలంక చేపల దిబ్బల మీద తిరిగే పక్షుల్ని చూపించి 'అదుగో రాబందు' అంటుంటారు. అవి రాబందులు కావు. తోక చివర చీలి ఉండి, వంపు తిరుగుతూ చేప తుక్కు కోసం దిగేది గద్ద. ఇటుక రంగు ఒళ్ళు, తెల్లటి తల ఉన్నది గరుడ పక్షి. రాబందు వీటికి రెండింతలు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు దాటుతుంది, అంటే పొడుగాటి మనిషి చేతులు చాచి నిలబడినా దానికి సరిపోడు. బరువు ఐదు కిలోలకు అటూ ఇటూ. మెడ మీద ఈకలుండవు, మెడ మొదట్లో మాత్రం మఫ్లరు చుట్టుకున్నట్టు కాస్త మెత్తటి ఈకలుంటాయి. మెడ బోడిగా ఎందుకంటే, పశువు డొక్కలోకి తల దూర్చి తినేటప్పుడు రక్తం, పసరు అంటుకోకుండా. దేశంలో మైదానాల్లో ఒకప్పుడు ఎక్కువగా కనబడిన రకానికి నడుము దగ్గర తెల్లటి మచ్చ ఉంటుంది. అది ఊరి పక్కన ఉండే ఎత్తైన చెట్ల మీద గూడు కడుతుంది. పొడుగు ముక్కు రాబందు అని ఇంకో రకం ఉంది, అది కొండ చరియల మీద కడుతుంది. సన్న ముక్కుది మూడో రకం, అది ఉత్తరాన హిమాలయాల కింది ప్రాంతాల్లో ఉంటుంది. ఈరోజు మనం చెప్పుకునే కథ ఈ మూడింటిదీ.

మరో మాట కూడా మొదటి పేరాలోనే రాయాలి. మన వాడుకలో రాబందు అంటే తిట్టు. వడ్డీ వ్యాపారిని రాబందు అంటాం, లంచగొండిని రాబందు అంటాం. అదే భాషలో జటాయువు కథ కూడా చెప్పుకుంటాం. నిజానికి ఈ పక్షి బతికున్న దాని జోలికి పోదు. చచ్చినదాన్నే తింటుంది. పీక్కు తింటుందన్న మాట నిజమే గానీ, పీక్కు తినేది ఎవరికీ అక్కర్లేని దాన్ని.

రెండో పేరా: అది ఎందుకు కావాలి. చాలామంది పిల్లలు 'పర్యావరణ సమతుల్యత' అని రాసి ఊరుకున్నారు. ఆ మాట ఏ జంతువు మీదైనా రాయొచ్చు, ఉడత మీద కూడా రాయొచ్చు. మన ఊరిలో పెట్టి చూద్దాం.

మన డెల్టాలో గేదె చచ్చిపోతే ఏం చేస్తారు? పూడ్చాలంటే లోతుగా గొయ్యి తియ్యాలి. దివిసీమలో మూడు నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరతాయి. వానాకాలంలో అయితే పార దించిన చోటే నీళ్ళు. కాల్చాలంటే కట్టెలు ఎక్కడివి? అందుకని ఊరి బయట దిబ్బ మీదికి లాగి పడేస్తారు, లేదంటే చీకటి పడ్డాక కాలవలోకి తోసేస్తారు. బందరు కాలవ గాని, పుల్లేరు గాని, వాటి పిల్ల కాలవలు గాని ఎక్కడికి పోతున్నాయి? మన ఊళ్ళ మంచినీళ్ళ చెరువుల్లోకి. ఎండాకాలంలో కాలవ వదిలినప్పుడు నింపుకున్న ఆ చెరువు నీళ్ళే మనం తాగేది. దిబ్బ మీద కుళ్ళుతున్న కళేబరానికీ మన బిందెకూ మధ్య దూరం అంతే.

రాబందులు ఉన్న కాలంలో ఆ దూరాన్ని అవే కాపలా కాసేవి. తోలు తీసేవాళ్ళు తీసుకున్నాక గుంపు దిగేది. ఒక పెద్ద గుంపు ఆవు కళేబరాన్ని గంటలోపే ఎముకలుగా మిగిల్చేస్తుంది. కుళ్ళడానికి సమయమే ఉండదు. తర్వాత ఎముకలు ఏరుకుని అమ్ముకునే పేదవాళ్ళు వచ్చేవాళ్ళు. ఎముకల పిండి పొలాల ఎరువుకు పోయేది. రాబందు కడుపులోని ఆమ్లం చాలా గాఢమైనది. మనకు జబ్బు తెప్పించే క్రిముల్లో చాలా వాటిని అది అక్కడికక్కడే చంపేస్తుంది. అంటే రోగం దాని కడుపులోకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది.

అదే కళేబరం కుక్కలకు దొరికితే రోజుల తరబడి తింటాయి. సగం తిని వదిలేస్తాయి, ముక్కలు ఊళ్ళోకి ఈడ్చుకొస్తాయి. తిండి దండిగా ఉంటే పిల్లలు ఎక్కువ బతుకుతాయి, కుక్కల గుంపు పెరుగుతుంది. కుక్క కాటుతో వచ్చే రేబిస్‌ మన దేశంలో ఎంతమందిని తీసుకుపోతోందో మీకు తెలుసు. రాబందుల లోటు వల్ల జనానికి జరిగిన నష్టాన్ని ఇద్దరు ఆర్థిక శాస్త్రజ్ఞులు లెక్క కట్టి 2024లో ప్రచురించారు. వాళ్ళు ఒక పని చేశారు. ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉండటానికి అనువైన జిల్లాలను ఒకవైపు పెట్టారు, మొదటి నుంచీ వాటికి అంతగా అనువుగాని జిల్లాలను ఇంకోవైపు పెట్టారు. పక్షులు పోకముందు రెండు వైపులా చావుల రేటు ఒకలాగే నడిచింది. పక్షులు పోయాక మొదటి వైపు జిల్లాల్లో నాలుగు శాతం పైగా పెరిగింది. 2000 నుంచి 2005 వరకు చూస్తే దేశంలో అదనంగా సుమారు 5 లక్షల మంది చనిపోయారని వాళ్ళ అంచనా. అంచనా అంటే అంచనాయే, తల తల లెక్కపెట్టింది కాదు. కానీ 'సమతుల్యత' అనే మాట కన్నా ఇది రాస్తే చదివేవాడికి ఒళ్ళు జలదరిస్తుంది.

ఉప్పెన చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. 1977 నవంబరు 19 తర్వాత దివిసీమలో మనుషుల శవాల పక్కన లక్షకు పైగా పశువుల కళేబరాలు పడి ఉన్నాయి. వాటిని కాల్చడానికీ పూడ్చడానికీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు రోజుల తరబడి ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేశారు. చచ్చిన పశువును తీసెయ్యడం ఎంత పెద్ద పనో ఆ ఊళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇక మూడో పేరా. ఏం జరిగింది? ఇది కాస్త నిదానంగా చెబుతాం, ఎందుకంటే ఇందులో ఒక పరిశోధన కథ ఉంది.

రాజస్థాన్‌లో భరత్‌పూర్‌ దగ్గర కేవలాదేవ్‌ పక్షుల అభయారణ్యం ఉంది. అక్కడ విభూ ప్రకాశ్‌ అనే శాస్త్రవేత్త 1980లలో రాబందుల గూళ్ళు లెక్కపెట్టారు. వందల్లో ఉండేవి. 1990ల మధ్యలో మళ్ళీ లెక్కపెడితే సగానికి పైగా ఖాళీ. చెట్ల కింద చచ్చిన పక్షులు, కొమ్మల మీద మెడలు వేలాడేసుకుని నీరసంగా కూర్చున్న పక్షులు కనబడ్డాయి. పల్లెల్లో సెల్‌ టవర్లు లేచింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. టవర్ల మాట అక్కడితో తేలిపోతుంది. తిండి లేకనా అంటే, పక్కనే కళేబరాలు తినేవాళ్ళు లేక కుళ్ళుతున్నాయి. వేటగాళ్ళు అన్నది కూడా నిలబడదు, దేశమంతటా ఇన్ని రాబందులను ఒకేసారి ఎవరు కొడతారు?

మొదట అందరూ ఏదో వైరస్‌ అనుకున్నారు. దేశమంతా ఒకేసారి పోతున్నాయి కాబట్టి అంటురోగమే అయ్యుంటుందన్నది మామూలు ఆలోచన. పాకిస్తాన్‌ పంజాబులో లిండ్సే ఓక్స్‌ అనే పశువైద్య శాస్త్రవేత్త బృందం 2000 నుంచి చచ్చిన రాబందులను కోసి చూడడం మొదలుపెట్టింది. కోసిన వాటిలో ఎక్కువ వాటికి గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. అది యూరిక్‌ ఆసిడ్‌. పక్షులు మనలా నీళ్ళ మూత్రం పోయవు, ఒంట్లో మలినాన్ని యూరిక్‌ ఆసిడ్‌గా మార్చి బయటికి పంపుతాయి. పంపేది మూత్రపిండాలు. అవి చెడిపోతే ఆ ఆసిడ్‌ రక్తంలోనే పేరుకుని లోపలి అవయవాల మీద పొడిలా పేరుకుంటుంది. అంటే పక్షి చచ్చింది మూత్రపిండాలు పాడై.

మూత్రపిండాలను ఏం పాడుచేసింది? పురుగుమందుల కోసం పరీక్షించారు, లేవు. సీసం లాంటి లోహాల కోసం చూశారు, లేవు. వైరస్‌లు, బాక్టీరియాల కోసం చూశారు, దొరకలేదు. అక్కడ వాళ్ళు ప్రశ్న మార్చారు. పక్షికి ఏం జబ్బు చేసింది అని కాకుండా, పక్షి ఏం తింటోంది అని అడిగారు. తింటున్నది పశువును. అయితే పశువుకు ఏం వేస్తున్నారు? మందుల షాపులకూ పశువైద్యుల దగ్గరికీ వెళ్ళి, మూత్రపిండాలకు హాని చేయగల మందు, తిండి ద్వారా ఒంటికి ఎక్కే మందు, కొత్తగా బాగా అమ్ముడవుతున్న మందు ఏదని ఆరా తీశారు. ఒక్క పేరు మిగిలింది. డైక్లోఫెనాక్‌.

మీకు ఆ పేరు తెలుసు. మోకాళ్ళ నొప్పికి మన పెద్దవాళ్ళు వేసుకునే మాత్ర, నడుం పడితే వేయించుకునే సూది. పశువులకు జ్వరానికి, కుంటుకు, పొదుగు వాపుకు వాడేవారు. చవక, పనిచేస్తుంది, గేదెకు ఏ హానీ లేదు. ఓక్స్‌ బృందం దాచి ఉంచిన రాబందుల మూత్రపిండాలను పరీక్షించింది. తెల్ల పొర ఉన్న 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్‌ దొరికింది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు. తర్వాత మందు వేసిన పశువుల మాంసాన్ని, గాయపడి ఇక ఎగరలేని కొన్ని రాబందులకు పెట్టి చూశారు. అవీ అదే తెల్ల పొరతో చచ్చాయి. 2004లో ఈ సంగతి 'నేచర్‌' పత్రికలో అచ్చయింది. రైతు తప్పు చేయలేదు, డాక్టరు తప్పు చేయలేదు, కంపెనీ కూడా తెలిసి చేయలేదు. అయినా 1992 నుంచి 2007 మధ్య తెల్ల నడుము రాబందులు మన దేశంలో వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. మిగతా రెండు రకాలు నూటికి మూడు చొప్పున మిగిలాయి.

ఇక్కడ మా కమిటీలోనే ఒకాయన లేచి, 'ఒరే, ఊరికి నాలుగు గేదెలకు సూది వేస్తే దేశంలో రాబందులన్నీ చస్తాయా, మరీ చెబుతారు' అన్నాడు. మంచి ప్రశ్న. దీనికి జవాబు లెక్కల్లో ఉంది, పలక తీసి వేసుకోండి.

రాబందుకు ప్రాణం తీయడానికి కిలో బరువుకు సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల మందు చాలు. ఐదు కిలోల పక్షికి అర మిల్లీగ్రాము నుంచి ఒక మిల్లీగ్రాము. మన పెద్దవాళ్ళు మింగే ఒక్క మాత్రలో 50 మిల్లీగ్రాములు ఉంటాయి. 400 కిలోల గేదెకు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున 400 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. గేదె బతికి బట్టకడితే ఏ గొడవా లేదు, నాలుగైదు రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది. కానీ సూది వేయించుకున్న గేదె రెండు రోజుల్లోపు చచ్చిపోయి దిబ్బ మీదికి వెళితే, దాని కాలేయంలో, మూత్రపిండాల్లో విషం ఉంటుంది. గుంపు మొదట తినేది మెత్తటి ఆ భాగాలనే.

ఇప్పుడు రెండో లెక్క. రాబందు రోజూ తినదు. మూడు రోజులకొకసారి అనుకుందాం, ఏడాదికి 120 సార్లు. నూరు కళేబరాల్లో ఒక్కటే విషపుది అనుకుందాం. ఒక పూట తప్పించుకునే అవకాశం నూటికి 99. అది 120 సార్లు వరసగా తప్పించుకోవాలి. 0.99ను 120 సార్లు హెచ్చవేస్తే సుమారు 0.3 వస్తుంది. అంటే ఏడాది తిరిగేసరికి పదింటిలో ఏడు పోతాయి. ఇది మేము తేలిక చేసి వేసిన లెక్క, అసలు శాస్త్రవేత్తల లెక్క ఇంతకంటే నిక్కచ్చిగా ఉంటుంది. వాళ్ళకు తేలిందేమిటంటే, నూటికి ఒకటి కూడా అక్కర్లేదు, అంతకన్నా తక్కువ కళేబరాల్లో విషం ఉన్నా అప్పుడు కనబడిన పతనం అంతా జరుగుతుందని. మరి నిజంగా ఎన్ని కళేబరాల్లో ఉంది? 2004-05లో దేశంలో పలు చోట్ల చచ్చిన పశువులను పరీక్షిస్తే సుమారు నూటికి పదింటిలో డైక్లోఫెనాక్‌ దొరికింది.

పది శాతం పశువులకు సూది వేస్తారా అని అడుగుతారేమో. కాదు. బతికున్న పశువుల్లో అంతమందికి వేయరు. కానీ చచ్చే పశువుకే చివరి రోజుల్లో సూది పడుతుంది. బతుకుతుందేమోనన్న ఆశతో పొడుస్తాం. అందుకని మందు ఉన్న పశువులు మందలో తక్కువైనా, దిబ్బ మీద ఎక్కువ కనబడతాయి. ఇది అర్థమైతే నాలుగో పేరా సగం అర్థమైనట్టే. పైగా రాబందు ఐదేళ్ళకు గాని గూడు కట్టదు, ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. ఎలకలాగా ఏడాదికి ఎన్నో ఈతలు ఈనే జీవి అయితే పోయినవాళ్ళ లోటు పూడ్చుకుంటుంది. ఎలకల సంగతి మన యానాది పెద్దలను అడగండి, ఒక బోదె కింద ఎన్ని కలుగులుంటాయో లెక్క చెబుతారు. రాబందుకు ఆ వీలు లేదు.

నాలుగో పేరా: నివారణ. 2006లో కేంద్ర ప్రభుత్వం పశువుల డైక్లోఫెనాక్‌ తయారీని ఆపమంది, 2008లో చట్టాన్ని గట్టిపరిచింది. అంతటితో ఆగాలి కదా, ఆగలేదు. మనుషుల కోసం చేసిన డైక్లోఫెనాక్‌ 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో దొరికేది. అది గేదెకు సరిపోయే సీసా. గేదెకు కావలసిన 400 మిల్లీగ్రాములంటే, మిల్లీలీటరుకు 25 చొప్పున 16 మిల్లీలీటర్లు, ఒక సీసాలో దాదాపు రెండు మోతాదులు. మనిషికి ఒక సూదికి మూడు మిల్లీలీటర్లు చాలు. మరి ఆ పెద్ద సీసా ఎవరి కోసం? 2015లో పెద్ద సీసాలను నిషేధించి, మనిషికి సరిపడా మూడు మిల్లీలీటర్ల చిన్న ఆంపూళ్ళు మాత్రమే చేయమన్నారు. గేదెకు వేయాలంటే ఇప్పుడు ఆరు ఆంపూళ్ళ మెడలు విరగ్గొట్టాలి. ధరకు ధర, విసుగుకు విసుగు. ఎవరికీ నీతులు చెప్పకుండా, సీసా సైజు తగ్గించి చేసిన పని ఇది. మాకు చాలా నచ్చింది.

అప్పటికీ ఇంకో సందు మిగిలింది. డైక్లోఫెనాక్‌ పోతే దాని చుట్టాలు వచ్చాయి. ఎసిక్లోఫెనాక్‌ అనే మందు పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు మారింది, విషం మారలేదు. కీటోప్రోఫెన్‌ కూడా రాబందులను చంపుతుంది. ఈ రెంటినీ పశువులకు వాడొద్దని 2023లో నిషేధించారు. నిమెసులైడ్‌ను 2024 చివర నిషేధించారు. అంటే మొదటి నిషేధానికీ ఈ నిషేధాలకూ మధ్య పదిహేడు, పద్దెనిమిదేళ్ళు. మా దృష్టిలో ఇది చాలా ఎక్కువ. ఒక్కో మందును అది పక్షుల్ని చంపాక పరీక్షించడం కాదు, దుకాణానికి రాకముందే పరీక్షించాలి.

పశువుకు నొప్పి ఉంటే చూస్తూ ఊరుకోమంటారా అని మీలో గోపాలమిత్రలుగా పనిచేసేవాళ్ళు, గేదెలు మేపేవాళ్ళు అడుగుతారు. అక్కర్లేదు. మెలాక్సికామ్‌ ఉంది. 2006లోనే దాన్ని రాబందుల మీద పరీక్షించి, హాని లేదని తేల్చారు. పశువుకు కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున, అంటే 400 కిలోల గేదెకు 200 మిల్లీగ్రాములు, డాక్టరు చెప్పిన ప్రకారం. టోల్ఫెనామిక్‌ ఆసిడ్‌ రెండోది, అదీ రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. అందుకని పశువుకు సూది వేసేటప్పుడు సీసా మీద కంపెనీ పెట్టిన పెద్ద పేరు చూడకండి. దాని కింద సన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి. రెండు మందులు కలిపిన సీసాలు కూడా ఉంటాయి, రెండు పేర్లూ చదవండి.

మందు ఒక్కటే కారణమా? కాదు. పిచ్చికుక్కల కోసం కళేబరానికి గుళికల మందు చల్లితే దాన్ని తిన్న రాబందులు గుంపుగా అక్కడికక్కడే పడిపోతాయి. రెంటినీ విడదీసి గుర్తుపట్టొచ్చు. విషం పెట్టిన చోట పక్షులు కళేబరం పక్కనే కుప్పగా పడి ఉంటాయి, కుక్కలు, కాకులు కూడా పడి ఉంటాయి. సూది మందు అయితే పక్షి ఎగిరిపోయి, ఒకటి రెండు రోజులకు ఎక్కడో చెట్టు కింద చస్తుంది. అందుకే ఆ చావు అంత కాలం ఎవరి కంటా పడలేదు.

ఐదో పేరాలో పిల్లలందరూ 'కాబట్టి మనమందరం రాబందులను కాపాడుకుందాం' అని రాశారు. మేము ఆ వాక్యానికి మార్కులు వేయలేదు. ఎక్కడున్నాయని కాపాడతాం? 2015 నాటి లెక్క ప్రకారం దేశం మొత్తం మీద తెల్ల నడుమువి సుమారు 6,000, పొడుగు ముక్కువి 12,000, సన్న ముక్కువి 1,000. తెలుగు నేలలో చూడాలంటే తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్‌ వైపు, బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట అని ఒక కొండ చరియ ఉంది. అక్కడ 2013లో అటవీ శాఖవాళ్ళు పొడుగు ముక్కు రాబందుల గూళ్ళు కనిపెట్టారు. అప్పటి నుంచి వాటిని గమనిస్తూ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను కాపలాకు పెట్టారు. మన పిల్లల్లో ఎవరికైనా ఆ వైపు వెళ్ళే వీలుంటే, అటవీ శాఖ అనుమతితో వెళ్ళి చూడండి. గూళ్ళ కాలంలో దగ్గరకు పోకూడదు, డిసెంబరు నుంచి మే దాకా పిల్లలు గూళ్ళలో ఉంటాయి.

మన డెల్టాకు తిరిగొస్తాయా? మేము అబద్ధం చెప్పదలచుకోలేదు. సూది మందు పూర్తిగా పోయినా చెప్పలేం. దుక్కిటెద్దుల చోట ట్రాక్టర్లు వచ్చాయి, ముసలి పశువు దిబ్బ మీదికి రాకముందే సంతకు పోతోంది. అంటే వాటికి తిండే తగ్గింది. గూడు కట్టడానికి పాత మర్రి, రావి, చింత చెట్లు ఎన్ని మిగిలాయో మీ ఊళ్ళో మీరే లెక్కపెట్టుకోండి. రావచ్చు, రాకపోవచ్చు. కానీ పొరపాటున దారి తప్పి ఒక గుంపు దిగితే, ఆ రోజు మన దిబ్బ మీద ఉన్న గేదె వాటిని చంపే గేదె కాకూడదు. అది మాత్రం మన చేతిలో ఉంది.

బహుమతి ఎవరికన్నది చెప్పి దిగిపోతాం. కోడూరు వైపు నుంచి హాస్టలులో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి కాగితానికి ఇచ్చాం. మూడో పేరాలో ఆమె కూడా సెల్‌ టవర్లు అనే రాసింది, అక్కడ మార్కులు తగ్గించాం. కానీ ఐదో పేరాలో అందరిలా కాపాడుకుందాం అని రాయలేదు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు తాతయ్య గేదెకు జ్వరమొచ్చి సూది వేశారట. ఖాళీ సీసాను పెంటదిబ్బ మీద నుంచి ఏరుకొచ్చి, దాని మీద సన్న అక్షరాల్లో ఉన్న పేరు చూసి రాసింది. స్పెల్లింగ్‌ తప్పు పోయింది గానీ మేము చదివి పోల్చుకున్నాం. మెలాక్సికామ్‌.